కాలభారిత రాబడి, ధనభారిత రాబడి: ఏడాది మధ్యలో సొమ్ము చేర్చిన మదుపరి లెక్క

ఏడాది మొదట పెట్టిన సొమ్ము చివరి దాకా కదలకుండా ఉన్నప్పుడు రాబడి లెక్కలో వివాదానికి చోటు లేదు. చివరి విలువను మొదటి విలువతో భాగించి, వచ్చినదానిలోనుంచి ఒకటి తీసివేస్తే ఆ ఏడాది రాబడి శాతం తేలుతుంది. మదుపరి మధ్యలో కొత్త సొమ్ము చేర్చినా, ఉన్నదానిలో కొంత వెనక్కి తీసుకున్నా ఈ భాగహారం పనికిరాదు, ఎందుకంటే చివరి విలువలో కొంత భాగం పెట్టుబడి సంపాదించినది, మరికొంత మదుపరి జేబులోనుంచి వచ్చినది అవుతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి ఆర్థిక రంగంలో రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. పెట్టుబడి సాధనం దానంతట అది ఎంత పెరిగిందో, అందులో ఎప్పుడు ఎంత సొమ్ము ఉందన్నదానితో సంబంధం లేకుండా చెప్పేది కాలభారిత రాబడి. దీన్నే టైమ్ వెయిటెడ్ రిటర్న్ అని వ్యవహరిస్తారు. మదుపరి పెట్టిన ప్రతి రూపాయి ఎన్ని రోజులు పెట్టుబడిలో ఉందో చూసి, ఆ రూపాయలన్నింటికీ కలిపి ఏ రేటు పడిందో చెప్పేది ధనభారిత రాబడి, అంటే మనీ వెయిటెడ్ రిటర్న్. అమెరికాలో దీనికి డాలర్ వెయిటెడ్ అనే పేరు కూడా ఉంది. మొదటిదానిలో ప్రతి కాలఖండానికీ దాని నిడివిని బట్టి ప్రాధాన్యం దక్కుతుంది, రెండోదానిలో ఆ కాలఖండంలో పనిచేసిన సొమ్మును బట్టి కూడా ప్రాధాన్యం మారుతుంది. ఈ రెండు అంకెలూ ఎంత దూరం పోగలవో చూడడానికి భారత మార్కెట్లో 2020 కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

2020లో నిఫ్టీ: కాలభారిత లెక్క

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి సూచీ నిఫ్టీ 50, 2019 డిసెంబర్ 31న 12,168.45 వద్ద ముగిసింది. కోవిడ్ భయంతో 2020 మార్చి 23న 7,610.25కు పడిపోయి, జూన్ 30 నాటికి 10,302.10కి కోలుకొని, డిసెంబర్ 31న 13,981.75 వద్ద ఏడాదిని ముగించింది. ఈ సూచీని అచ్చంగా అనుసరించే ఒక ఇండెక్స్ ఫండ్‌లో ఒక మదుపరికి ఏడాది మొదట 2,00,000 రూపాయలు ఉన్నాయనీ, జూన్ 30న మరో 2,00,000 రూపాయలు చేర్చాడనీ అనుకోవాలి. లెక్క తేటగా ఉండడం కోసం డివిడెండ్లను, ఫండ్ ఖర్చులను, పన్నులను పక్కన పెట్టాలి.

కాలభారిత పద్ధతిలో మొదట చేయవలసింది సొమ్ము వచ్చిన రోజు దగ్గర ఏడాదిని రెండుగా కోయడం. మొదటి ముక్కలో సూచీ 12,168.45 నుంచి 10,302.10కి తగ్గింది, అంటే ప్రతి రూపాయీ 0.8466 అయింది, 15.34 శాతం నష్టం. రెండో ముక్కలో 10,302.10 నుంచి 13,981.75కు పెరిగింది, అంటే ప్రతి రూపాయీ 1.3572 అయింది, 35.72 శాతం లాభం. ఈ రెండు గుణకాలను హెచ్చిస్తే 1.1490 వస్తుంది, కాబట్టి ఆ ఏడాది కాలభారిత రాబడి 14.90 శాతం. సూచీ మొదటి, చివరి అంకెలను నేరుగా భాగించినా ఇదే వస్తుంది, రావాలి కూడా. మధ్యలో చేరిన రెండు లక్షలు ఈ లెక్కను ఏ మాత్రం తాకలేదు. జూన్ 30న రెండు లక్షలకు బదులు ఇరవై లక్షలు చేర్చినా, అసలేమీ చేర్చకపోయినా ఈ అంకె 14.90గానే నిలుస్తుంది.

మ్యూచువల్ ఫండ్ ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ నికర ఆస్తి విలువ, ఈ గుణకారాన్ని ఎవరికీ తెలియకుండా రోజూ చేస్తూనే ఉంటుంది. పై మదుపరి ఖాతాలో ఏడాది మొదట ఒక్కో యూనిట్ వంద రూపాయలు అనుకుంటే అతని దగ్గర 2,000 యూనిట్లు ఉంటాయి. జూన్ 30న యూనిట్ విలువ 84.66 రూపాయలకు దిగుతుంది, పాత యూనిట్ల మొత్తం విలువ 1,69,325 రూపాయలు అవుతుంది. కొత్తగా వచ్చిన రెండు లక్షలు ఈ 84.66 ధరకే యూనిట్లు కొంటాయి కాబట్టి మరో 2,362.32 యూనిట్లు జమపడతాయి, కానీ యూనిట్ విలువ మాత్రం మారదు. ఏడాది చివర యూనిట్ 114.90 రూపాయలు, 4,362.32 యూనిట్లకు ఖాతా విలువ 5,01,238 రూపాయలు. కొత్త సొమ్ము యూనిట్ల సంఖ్యను పెంచుతుంది తప్ప యూనిట్ ధరను కదపలేదన్న ఈ ఒక్క ఏర్పాటులోనే కాలభారిత రాబడి కిటుకంతా ఉంది. పది రకాల షేర్లు, కొంత బంగారం బాండ్లు, రెండు ఫండ్లు కలిపి పెట్టుకున్న కుటుంబం కూడా తన మొత్తం పెట్టుబడికి ఇలాంటి ఊహాత్మక యూనిట్లను కల్పించుకొని, సొమ్ము వేసిన ప్రతిసారీ ఆ రోజు విలువ ప్రకారం యూనిట్లు జమ చేసుకుంటే, పెద్ద ఫండ్ సంస్థలు చేసే లెక్కే ఒక నోటు పుస్తకంలో సాధ్యపడుతుంది.

అదే ఖాతా, ధనభారిత లెక్క

ధనభారిత రాబడిని అర్థం చేసుకోవడానికి బ్యాంకు పాస్‌బుక్కును తలచుకుంటే సరిపోతుంది. ఇదే మదుపరి ఇవే సొమ్ములను ఇవే తేదీలలో ఒక పొదుపు ఖాతాలో వేసి ఉంటే, ఏడాది చివర సరిగ్గా 5,01,238 రూపాయలు చేతికి రావాలంటే ఆ బ్యాంకు ఏ వడ్డీ రేటు ఇచ్చి ఉండాలి అన్న ప్రశ్నకు జవాబే ధనభారిత రాబడి. కార్పొరేట్ లెక్కల్లో దీన్ని అంతర్గత రాబడి రేటు లేదా ఐఆర్‌ఆర్ అంటారు.

ఏడాదిని రెండు సమాన భాగాలుగా తీసుకొని, ఆరు నెలలకు ఒక రూపాయి ఎంతవుతుందో దాన్ని x అనుకుంటే, మొదటి రెండు లక్షలు రెండు అర్ధసంవత్సరాలు పనిచేశాయి, తర్వాతి రెండు లక్షలు ఒక్క అర్ధసంవత్సరమే పనిచేశాయి:

```
200000·x² + 200000·x = 501238
x  = 1.1602
x² = 1.3460
```

ఆరు నెలలకు 16.02 శాతం, ఏడాదికి చక్రవడ్డీతో 34.60 శాతం. పాస్‌బుక్కులో సరిచూసుకుంటే, 2,00,000 రూపాయలు జూన్ చివరికి సుమారు 2,32,036 అవుతాయి, అందులో కొత్త రెండు లక్షలు కలిస్తే 4,32,036, దాని మీద మళ్లీ 16.02 శాతం పడితే, దశాంశాల సర్దుబాటు పోగా, 5,01,238 తేలుతుంది.

ఒకే ఫండ్, ఒకే ఏడాది, ఒకే ఖాతా. ఒక పద్ధతి 14.90 అంటే మరొకటి 34.60 అంటుంది, రెండింటిలో ఏదీ తప్పు కాదు. తేడాకు కారణం ఖాతాలోని సొమ్ము ఏ ముక్కలో ఎంత ఉందన్నదే. సూచీ 15 శాతం పడిన మొదటి ఆరు నెలల్లో నష్టానికి గురైనవి రెండు లక్షలు మాత్రమే; 35 శాతం పెరిగిన రెండో ఆరు నెలల్లో లాభం అందుకున్నవి 3,69,325 రూపాయలు. కాలభారిత లెక్క ఈ రెండు ముక్కలనూ సమానంగా చూస్తుంది, ధనభారిత లెక్క బరువైన ముక్క వైపు వాలుతుంది. ఎంతగా వాలుతుందంటే, జూన్ 30న చేర్చినవి ఇరవై లక్షలయితే ధనభారిత రాబడి 69.6 శాతానికి ఎగబాకుతుంది. కాలభారిత అంకె 14.90 దగ్గరే ఉంటుంది. చేర్చే సొమ్ము పెరిగేకొద్దీ ధనభారిత అంకె రెండో ఆరు నెలల రేటును ఏడాదికి సాగదీస్తే వచ్చే 84.2 శాతానికి దగ్గరవుతూ పోతుంది.

సొమ్ము కదలిక ఎవరి నిర్ణయం

రెండో మదుపరి ఉదాహరణ ఈ విషయాన్ని మరింత ఘాటుగా చూపిస్తుంది. ఇతనికి ఏడాది మొదట అదే ఫండ్‌లో 4,00,000 రూపాయలు ఉన్నాయి. జూన్ 30 నాటికి అవి 3,38,650కి తగ్గాయి. భయపడి 2,00,000 రూపాయలు వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన 1,38,650 రూపాయలు ఏడాది చివరికి 1,88,172 అయ్యాయి. వెనక్కి తీసుకున్నదీ మిగిలినదీ కలిపితే 3,88,172 రూపాయలు, అంటే 11,828 రూపాయల నష్టం; ధనభారిత రాబడి సున్నాకు దిగువన 3.96 శాతం. ఇతని కాలభారిత రాబడి మాత్రం మొదటి మదుపరిదే, 14.90 శాతం లాభం. చేతిలో డబ్బు తగ్గిన మనిషికి లాభం వచ్చిందని రాసి ఇచ్చే కాగితం కాలభారిత పద్ధతిలో తప్పు లేకుండానే తయారవుతుంది.

ఇది పద్ధతిలోని లోపమని తొందరపడడం సరికాదు. ఫండ్‌ను నడిపే మేనేజరు మదుపరిని జూన్‌లో సొమ్ము వేయమని అడగలేదు, తీయమని కూడా చెప్పలేదు. ఆ కదలిక అతని అదుపులో లేదు కాబట్టి దాని లాభనష్టాలను అతని పద్దులో వేయడం న్యాయం కాదు. ఇద్దరు మేనేజర్లను పక్కపక్కన పెట్టి పోల్చాలన్నా, ఒక ఫండ్‌ను సూచీతో పోల్చాలన్నా కాలభారిత రాబడి తప్ప మరొకటి చెల్లదు. సొమ్ము ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో నిర్ణయించే వ్యక్తి పనితీరును చూడవలసినప్పుడు ధనభారిత రాబడి తగినది. సాధారణంగా ఆ వ్యక్తి మదుపరే. ఈ ఒక్క సూత్రం నుంచే మిగిలిన నియమాలన్నీ పుట్టాయి.

అయితే ధనభారిత రాబడిని మదుపరి తెలివికి కొలబద్దగా చదవడంలోనూ జాగ్రత్త అవసరం. మొదటి మదుపరికి బోనస్ జూన్‌లో వచ్చింది కాబట్టి జూన్‌లో వేసి ఉండవచ్చు. అదే బోనస్ జనవరిలో అందివుంటే అంకె వేరుగా ఉండేది. 34.60 శాతం అతనికి నిజంగా కలిసివచ్చిన ఫలితమే, కానీ అది నైపుణ్యమో అదృష్టమో ఆ అంకె చెప్పదు.

తప్పు సమయంలో సొమ్ము చేర్చిన మదుపరుల కథకు అమెరికాలోని సీజీఎం ఫోకస్ ఫండ్ ప్రసిద్ధమైన సాక్ష్యం. కెన్ హీబ్నర్ నడిపిన ఆ ఫండ్ 2009తో ముగిసిన పదేళ్లలో ఏటా 18 శాతానికి పైగా పెరిగి తన తరగతిలో అగ్రస్థానంలో నిలిచింది. అదే కాలానికి మార్నింగ్‌స్టార్ సంస్థ ధనభారిత పద్ధతిలో లెక్కించగా అందులోని సగటు మదుపరి ఏటా 11 శాతం చొప్పున నష్టపోయినట్టు తేలింది. 2007లో ఫండ్ దాదాపు 80 శాతం పెరగడం చూసి సొమ్ము వరదలా వచ్చింది, 2008లో ఫండ్ విలువ సగం వరకు కరిగిపోయింది. 18 శాతం పెరుగుదల అబద్ధం కాదు. ఆ పెరుగుదల వచ్చినప్పుడు ఫండ్‌లో సొమ్ము తక్కువ, పడినప్పుడు ఎక్కువ.

గీత ఎక్కడ గీయాలి

మొదటి మదుపరి మొత్తం పెట్టినది 4,00,000 రూపాయలు, వచ్చిన లాభం 1,01,238 రూపాయలు, భాగిస్తే 25.3 శాతం. చాలామంది చేతిలెక్కగా చెప్పే అంకె ఇదే. తర్వాత చేరిన రెండు లక్షలు ఏడాది పొడవునా ఉన్నట్టు ఇది భావిస్తుంది కాబట్టి ఫండ్ ఖాతాకు ఇది రాబడి కాదు. కానీ దీన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కరలేని సందర్భం ఒకటి ఉంది, ఆచరణలో అదే ఎక్కువ ముఖ్యమైనదని చెప్పవచ్చు.

జూన్‌లో వేసిన రెండు లక్షలు మదుపరి దగ్గర జనవరి నుంచే బ్యాంకు ఖాతాలో ఉండి, మార్కెట్ పడితే వేద్దామని అతను ఆగి ఉంటే, అతని పెట్టుబడి ఫండ్ ఒక్కటే కాదు. ఫండ్, బ్యాంకు నిల్వ కలిపి నాలుగు లక్షలు. అప్పుడు జూన్ 30న జరిగినది బయటినుంచి సొమ్ము రావడం కాదు, లోపలే ఒక జేబులోనుంచి మరో జేబులోకి మారడం. బయటి ప్రవాహమే లేనప్పుడు కాలభారిత రాబడి, ధనభారిత రాబడి ఒకటైపోతాయి, ఆ ఒక్క అంకె, బ్యాంకు వడ్డీని పక్కన పెడితే, సరిగ్గా 25.3 శాతం. ఆగి వేసినందుకు 14.90కి బదులు 25.3 వచ్చిందని ఆ మదుపరి చెప్పుకుంటే అది న్యాయమైన మాట; 34.60 వచ్చిందని చెప్పుకుంటే ఆరు నెలలు ఊరికే పడి ఉన్న రెండు లక్షలను లెక్కలోనుంచి దాచినట్టు అవుతుంది.

అందువల్ల ఏ పద్ధతిని ఎంచుకోవాలన్న ప్రశ్నకు ముందు, ఏది పెట్టుబడి లోపల, ఏది బయట అన్న గీత గీయవలసి ఉంటుంది. భారత ప్రతిభూతుల నియంత్రణ సంస్థ సెబీ ఈ విషయాన్ని పోర్ట్‌ఫోలియో మేనేజర్ల విషయంలో స్పష్టంగా తేల్చింది. వీరు సంపన్న ఖాతాదారుల సొమ్మును విడివిడి ఖాతాలలో నడిపే సంస్థలు. 2020 నియమావళి వీరు తమ పనితీరును కాలభారిత పద్ధతిలోనే ప్రకటించాలని నిర్దేశించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో వెలువడిన సర్క్యులర్ ఖాతాలో ఉన్న నగదును, లిక్విడ్ ఫండ్లలో ఉంచినదాన్ని కూడా లెక్కలో చేర్చాలనీ, రుసుములూ ఖర్చులూ పోను మిగిలిన రాబడినే చూపాలనీ చెప్పింది. షేర్ల వరకు మాత్రమే లెక్కవేసి, నగదుగా మిగిలిపోయిన భాగాన్ని వదిలేసే వెసులుబాటు దీనితో మూసుకుపోయింది.

చందా లాభమైనప్పుడు

మధ్యలో చేరిన సొమ్మును లాభంగా పొరబడడం ఈ రంగంలో అతి పాత తప్పు. పై ఖాతానే తీసుకుంటే, చివరి 5,01,238ని మొదటి 2,00,000తో నేరుగా భాగించినవారికి 150.6 శాతం కనిపిస్తుంది. చేర్చిన సొమ్మును పైన తీసివేసి కింద మాత్రం మొదటి రెండు లక్షలనే ఉంచినవారికి 50.6 శాతం కనిపిస్తుంది. రెండోది చూడడానికి సబబుగా ఉండడంవల్ల ఎక్కువ ప్రమాదకరం. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: ఏడాదిలో సగటున పనిచేసిన సొమ్ము, అంటే రెండు లక్షలు పూర్తిగా, మరో రెండు లక్షలు సగం కాలం, కలిపి మూడు లక్షలు. మూడు లక్షల మీద 50.6 శాతమంటే లక్షన్నర లాభం కనిపించాలి. ఖాతాలో ఉన్నది 1,01,238 మాత్రమే.

అమెరికాలోని ఇలినాయి రాష్ట్రంలో బియర్డ్స్‌టౌన్ అనే చిన్న ఊరి మహిళల పెట్టుబడి సంఘం 1984 నుంచి 1993 వరకు ఏటా సగటున 23.4 శాతం రాబడి సాధించినట్టు ప్రకటించి, ఆ పేరుతో పుస్తకం వెలువరించి, దేశమంతటా పేరు తెచ్చుకుంది. 1998లో షికాగో పత్రిక ఆ అంకెను ప్రశ్నించిన తర్వాత ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థ లెక్కలు సరిచూసి అసలు రాబడి 9.1 శాతమని తేల్చింది. అదే కాలంలో ఎస్ అండ్ పీ 500 సూచీ ఏటా 14.9 శాతం ఇచ్చింది. సభ్యులు నెలనెలా కట్టిన చందా కూడా లాభంలో కలిసిపోవడమే తేడాకు మూలం. మోసం చేయాలన్న ఉద్దేశం లేకుండానే, అంకెలను కంప్యూటర్లో నమోదు చేసే తీరులోనే, సూచీ కన్నా వెనకబడిన సంఘం సూచీని మించినట్టు కనిపించింది.

ఆచరణలో చిక్కులు

కాలభారిత లెక్కకు ఒక కచ్చితమైన అవసరం ఉంది: సొమ్ము వచ్చిన రోజున, ఆ సొమ్ము కలవకముందు, ఖాతా విలువ ఎంతో తెలియాలి. అది లేనప్పుడు దగ్గరలో ఉన్న మరో తేదీ విలువను వాడితే ఎంత తేడా వస్తుందో పై ఉదాహరణలోనే చూడవచ్చు. 2020 మే 29న నిఫ్టీ 9,580.30 వద్ద ముగిసింది. మదుపరి దగ్గర మే నెలాఖరు విలువ మాత్రమే ఉండి, రెండు లక్షలు ఆ రోజే వచ్చినట్టు లెక్కవేస్తే, మొదటి ముక్క గుణకం 0.7873, రెండో ముక్క గుణకం 1.4022, రెండింటి లబ్ధం 1.1040, అంటే 14.90 ఉండవలసిన చోట 10.4 శాతం కనిపిస్తుంది. ఒక్క నెల పొరపాటు నాలుగున్నర శాతం రాబడిని మాయం చేసింది, ఎందుకంటే జూన్ నెల పెరుగుదలలో పాల్గొనని సొమ్ము పాల్గొన్నట్టు లెక్కకెక్కింది.

విలువలు రోజూ దొరకని రోజుల్లో దీనికి ప్రత్యామ్నాయం చూపినవాడు పీటర్ డీట్జ్. 1966లో పింఛను నిధుల పనితీరు మీద వెలువడిన అతని గ్రంథంలోని పద్ధతి, మొత్తం లాభాన్ని సగటున పనిచేసిన సొమ్ముతో భాగిస్తుంది. ఒక్కో సొమ్ము ఎన్ని రోజులు ఉందో చూసి దాని ప్రకారం సగటు కట్టే రూపాన్ని మాడిఫైడ్ డీట్జ్ అంటారు. మొదటి మదుపరి ఖాతాకు ఇది 1,01,238 భాగించు 3,00,000, అంటే 33.7 శాతం, ధనభారిత రాబడి 34.60కి దగ్గర. దీనిలో సమీకరణం సాధించే పని లేదు, మధ్య తేదీ విలువ కూడా అక్కరలేదు. ఏడాదంతటికీ ఒకేసారి వాడితే ఇది ధనభారిత రాబడికి అంచనా మాత్రమే. నెలనెలా విడిగా కట్టి ఆ గుణకాలను హెచ్చిస్తే కాలభారిత రాబడికి చేరువవుతుంది. 1968లో అమెరికా బ్యాంక్ అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్టిట్యూట్ నివేదిక పింఛను నిధులను ఒకదానితో ఒకటి పోల్చడానికి కాలభారిత పద్ధతిని సిఫారసు చేశాక ఈ దారి వృత్తిలో స్థిరపడింది. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ నిర్వహిస్తున్న గిప్స్ ప్రమాణాలు 2010 జనవరి నుంచి, పెద్ద సొమ్ము వచ్చిన రోజునే ఖాతా విలువ కట్టాలని కోరుతున్నాయి. ఆ ప్రమాణాల 2020 కూర్పు, సొమ్మును ఎప్పుడు పిలవాలో మేనేజరే నిర్ణయించే ప్రైవేట్ ఈక్విటీ తరహా నిధులకు మాత్రం ధనభారిత రాబడిని చూపే వీలు కల్పించింది. పైన చెప్పిన సూత్రానికి ఇది సహజమైన కొనసాగింపు.

ధనభారిత లెక్కకు నేడు అందరి చేతిలో ఉన్న పరికరం ఎక్సెల్, గూగుల్ షీట్స్ వంటి పట్టికలలోని `XIRR` ఫార్ములా. ఒక వరుసలో తేదీలు, పక్క వరుసలో సొమ్ములు రాయాలి; మదుపరి వేసినవి ఋణ గుర్తుతో, అతనికి వచ్చినవి, చివరి రోజు ఖాతా విలువతో సహా, ధన గుర్తుతో ఉండాలి.

```
2019-12-31   -200000
2020-06-30   -200000
2020-12-31    501238

=XIRR(B1:B3, A1:A3)
```

దీనికి 34.43 శాతం వస్తుంది. పైన వచ్చిన 34.60తో ఉన్న కొద్దిపాటి తేడా రోజుల లెక్క వల్ల వచ్చినది: 2020 లీపు సంవత్సరం కాబట్టి ఈ తేదీల మధ్య 366 రోజులు ఉన్నాయి, జూన్ 30 తర్వాతి సొమ్ము 184 రోజులు పనిచేసింది, `XIRR` మాత్రం ఏడాదిని ఎప్పుడూ 365 రోజులుగానే తీసుకుంటుంది. గుర్తులు మరచి అన్నీ ధన సంఖ్యలుగా రాస్తే `#NUM!` అనే పొరపాటు సూచన వస్తుంది, అది మంచిదే, తప్పు వెంటనే కనబడుతుంది. ఎక్సెల్ కొన్నిసార్లు జవాబు దొరకక 2.98E-09 అనే అంకెను ఇస్తుంది, శాతం రూపంలో ఉన్న గడిలో అది 0.00 శాతంగా కనిపించి, రాబడే లేదన్న భ్రమ కలిగిస్తుంది. అలాంటి సున్నా కనిపిస్తే ఫార్ములాలో మూడో స్థానంలో ఒక అంచనా రేటును, నష్టం ఉందనిపిస్తే ఋణ సంఖ్యను, ఇచ్చి చూడాలి.

ఇంతకన్నా ఎక్కువగా మోసగించేది ఏడాది నిండని కాలం. జూన్ 30న మాత్రమే సొమ్ము వేసి డిసెంబర్ 31న లెక్క చూసుకున్న మదుపరికి నిజంగా వచ్చినది 35.72 శాతం, `XIRR` దాన్ని ఏడాదికి సాగదీసి 80 శాతానికి పైగా చూపిస్తుంది, మిగిలిన ఆరు నెలలు కూడా అదే జోరు ఉంటుందన్నట్టు. గిప్స్ ప్రమాణాలు ఏడాదికి తక్కువైన కాలాన్ని ఇలా వార్షికం చేయడాన్ని నిషేధించాయి, కానీ మొబైల్ యాప్‌లో నిన్నమొన్న సిప్ మొదలుపెట్టినవారి తెర మీద ఆ అంకె ఇప్పటికీ కనిపిస్తుంది.

మధ్య విలువే లేని పెట్టుబడులకు కాలభారిత లెక్క అసలు వర్తించదు. తెలుగు ఇళ్లలో బాగా పరిచయమైన చీటీ ఇందుకు ఉదాహరణ: నెలనెలా కట్టే వాయిదాలు, పాటలో తగ్గి వచ్చే మొత్తం, చివర చేతికందే చీటీ సొమ్ము తప్ప, మధ్యలో ఏ నెలలోనైనా ఆ సభ్యత్వం మార్కెట్ విలువ ఇంత అని చెప్పేవారు లేరు. కాబట్టి చీటీకి లెక్కగట్టదగిన రాబడి ధనభారితమే, అది కూడా పాడిన నెలను బట్టి ఒక్కో సభ్యుడికీ ఒక్కో రకంగా ఉంటుంది. ముందే పాడుకున్నవారికి అది రాబడిగా కాక అప్పు మీద కట్టిన వడ్డీ రేటుగా తేలుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అని నెలవారీగా రేటు చెప్పుకునే అలవాటు ఉన్నవారు ఆ రేటును చక్రవడ్డీ మీద ఏడాదికి 26.8 శాతంగా మార్చి పోల్చుకోవాలి, 24గా కాదు.

ఫండ్‌ను ఎంచుకునే ముందు ఎన్‌ఏవీ నుంచి వచ్చే కాలభారిత అంకెను, ఇంటి ఖాతా ఎలా నడిచిందో తెలుసుకోవడానికి ధనభారిత అంకెను చూడడం సరైన వాడుక. రెండోదాన్ని సూచీతో పోల్చదలచిన మదుపరి సూచీ వార్షిక రాబడిని దాని పక్కన ఉంచి చూడకూడదు. తాను వేసిన అవే సొమ్ములను అవే తేదీలలో సూచీలో వేసినట్టు మరో పట్టిక తయారుచేసి, దాని `XIRR`ను తన `XIRR` పక్కన ఉంచాలి. సొమ్ము వేసిన ప్రతిసారీ, వేయకముందు ఆ రోజు ఖాతా మొత్తం విలువ ఎంతో ఒక గడిలో రాసి ఉంచుకున్నవారికి రెండు లెక్కలూ ఎప్పుడైనా సాధ్యమే. రాసుకోనివారికి, ముఖ్యంగా మార్కెట్లో నమోదు కాని షేర్లు ఉన్నవారికి, ధనభారిత అంకె ఒక్కటే మిగులుతుంది.